రాళ్ల బంగారు నెక్లెస్ వివరాలు అమ్మకానికి పెట్టే ముందు జాగ్రత్తలు

☐ స్థూల బరువు, రాళ్ల బరువు, నికర బంగారం విడివిడిగా రాయండి. ఉదాహరణకు 24 గ్రాముల నెక్లెస్‌లో రాళ్లు 4 గ్రాములైతే బంగారం 20 గ్రాములే.

☐ తరుగు శాతం దేని మీదో చెప్పండి. అసలు తిరకాసు ఇక్కడే! 20 గ్రాముల మీద 12 శాతం వేస్తే లెక్కకొచ్చేది 22.4 గ్రాములు. రాళ్లనూ బంగారంగానే లెక్కగట్టి మొత్తం 24 మీద 8 శాతమే అన్నా 25.92 గ్రాములకు డబ్బు కట్టాలి. తక్కువ శాతం కనిపించే నగే ఖరీదు.

☐ మజూరీ విడిగా ఉంటే అదీ రాయండి. రాళ్ల ధర, జీఎస్టీ వేరే వరుసల్లో ఉండాలి.

☐ 22 క్యారెట్లకు 22K916 ముద్ర, ఆరు అక్షరాంకెల HUID గుర్తింపు కోడ్ ఫొటోలో చదవగలిగేలా ఉండాలి. కొనేవాళ్లు BIS Care యాప్‌లో సరిచూసుకుంటారు. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే, రాళ్లకు కాదు.

☐ ఏ రోజు రేటో తేదీ వేయండి.