పాల సబ్‌స్క్రిప్షన్ లెక్కలు, 3వ భాగం: ఒక్క కస్టమర్ కోసం యాడ్‌కి ఎంత దాకా పెట్టొచ్చు

1వ భాగంలో లీటరుకి ఎంత మిగులుతుందో చూశాం, 2వ భాగంలో చేరినవాళ్ళు ఎన్నాళ్ళు ఉంటున్నారో రాసుకోవడం చూశాం. ఈసారి ఆ రెండూ కలిపి అసలు ప్రశ్నకి వద్దాం, ఒక కొత్త ఇంటిని తెచ్చుకోడానికి యాడ్‌కి ఎంత పెట్టొచ్చు, ఎక్కడ ఆగాలి. కేసు అదే, కూకట్‌పల్లి, నిజాంపేట వైపు పొద్దున్నే పాలు వేసే మా బావ వాళ్ళ చిన్న డెయిరీ, లెక్కలు నేను చూస్తా. నంబర్లు చేత్తో లెక్కపెట్టుకునేలా కొంచెం గుండ్రంగా చేశా, మీ నంబర్లు వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

1వ భాగం చదవనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. లీటరు 90 రూపాయలకి అమ్ముతున్నాం. రైతుకి 56, చిల్లింగ్, పాశ్చరైజింగ్, ప్యాకెట్ అన్నీ కలిపి 9, ఇంటికి వేసినందుకు 10, లీకు ప్యాకెట్లు, విరిగిన పాలు 2, మెసేజీలు, పేమెంట్ ఖర్చు 1. మొత్తం 78 పోయి 12 మిగులుతుంది. దీన్నే కాంట్రిబ్యూషన్ అంటున్నాం. ఆఫీసు అద్దె, నా జీతం, బావ కారు ఈఎంఐ ఇందులో లేవు, ఎందుకంటే ఇంకో లీటరు అమ్మితే అవి పెరగవు.

సగటు ఇల్లు రోజుకి లీటరు తీసుకుంటుంది, ఊరెళ్ళినప్పుడు ఆపేస్తారు కాబట్టి నెలకి 26 రోజులే పడుతుంది. 26 ఇంటు 12, నెలకి 312.

ఇక్కడి దాకా రాగానే బావ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి "ఒరేయ్, ఆరు నెలల్లో డబ్బులు వెనక్కొస్తే చాలు అనుకున్నాం కదా, మూడొందల పన్నెండు ఆర్లు పద్దెనిమిది వందల డెబ్బై రెండు, అంటే కస్టమర్‌కి పద్దెనిమిది వందల దాకా యాడ్స్‌కి పెట్టేయొచ్చు" అన్నాడు. ఇది చాలామంది చేసే లెక్కే, నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ అలాగే వేశా, ఒక సీజన్ యాడ్ డబ్బు అలాగే పోయింది కూడా. ఈ 1872 ఎక్కడెక్కడ కారిపోతుందో ఒక్కోటీ చూద్దాం.

అంతకన్నా ముందు ఆరు నెలలే ఎందుకు అన్నది. మన దగ్గర పాలు చలికాలంలో బాగా వస్తాయి, ఎండాకాలంలో తగ్గుతాయి, అప్పుడు సేకరణ రేటు పెరుగుతుంది, పైగా పిల్లల సెలవులకి ఇళ్ళు తాళాలేసుకుని ఊళ్ళెళ్తారు. నవంబర్‌లో చేర్చుకున్న కస్టమర్ మీద పెట్టిన డబ్బు ఏప్రిల్ ఆఖరుకి, అంటే ఎండాకాలం దెబ్బ పూర్తిగా తగిలేలోపు, చేతికి రావాలి. ఇంకో సంగతి, రైతులకి పదిహేను రోజులకోసారి బిల్లు కట్టాలి, వాళ్ళకి "మా కస్టమర్ రెండేళ్ళు ఉంటాడండి, లాభం అప్పుడొస్తుంది" అని చెప్పలేం. కాబట్టి పేబ్యాక్ ఎన్ని నెలలు పెట్టుకోవాలనేది జేబులో ఎంతుంది, ఎప్పుడు ఎవరికి కట్టాలి అన్నదాన్ని బట్టి, ఎవరో చెప్పిన రూల్‌ని బట్టి కాదు.

ఇప్పుడు మొదటి కారడం. ఆరు నెలలూ అందరూ ఉండరు. 2వ భాగంలో మనం డబ్బు కట్టి చేరిన 100 ఇళ్ళని పట్టుకుని నెలనెలా వాటిలో ఎన్ని ఇళ్ళు పాలు తీసుకుంటున్నాయో రాశాం కదా, మొదటి నెల 100, తర్వాత 80, 72, 67, 63, 60. చూడండి, మొదటి నెల అవ్వగానే ఒకేసారి ఇరవై మంది పోయారు, వాలెట్‌లో మొదటి రీఛార్జ్ అయిపోయాక మళ్ళీ వేయలేదు అంతే, గొడవ లేదు, ఫోన్ లేదు. తర్వాత తగ్గడం నెమ్మదించింది. ఆరు నెలలవీ కూడితే 442, అంటే ఒక్కో ఇంటికి ఆరు నెలలు కాదు, 4.42 నెలలే. 4.42 ఇంటు 312, సుమారు 1379. బావ చెప్పిన 1872లోంచి దాదాపు 500 ఇక్కడే పోయింది.

ఒక జాగ్రత్త. మొత్తం కస్టమర్లలో నెలకి ఎంతమంది మానేస్తున్నారో చూస్తే మా దగ్గర 5 శాతం చుట్టూ ఉంటుంది, 100ని నెలనెలా ఆ 5 శాతం చొప్పున తగ్గిస్తూ ఆరు నెలలవీ కూడితే ఇంటికి 5.30 నెలలు వస్తుంది, అంటే 1650కి పైన. అది తప్పు లెక్క. ఆ 5 శాతం లెక్కలో మూడేళ్ళ నుంచి పాలు పోయించుకుంటున్న పాత ఇళ్ళు కూడా ఉన్నాయి, వాళ్ళు ఎటూ పోరు, కానీ యాడ్ చూసి కొత్తగా వచ్చేవాడు వాళ్ళలా ఉండడు. యాడ్ లెక్కకి యాడ్ ద్వారా వచ్చినవాళ్ళనే చూడాలి.

ఇంకా తేలిక దారి ఒకటుంది, నేను ఇప్పుడు ఇదే చేస్తా. ఎవరు ఉన్నారు ఎవరు పోయారు, నెల మధ్యలో ఆపినవాణ్ణి ఎలా లెక్కేయాలి, అరలీటరు వాళ్ళ సంగతేంటి అని తల పట్టుకోకుండా, ఆ 100 ఇళ్ళు ఆరు నెలల్లో మొత్తం ఎన్ని లీటర్లు కొన్నాయో బిల్లుల్లోంచి కూడేస్తే చాలు. మాకు 11,492 లీటర్లు వచ్చింది, అంటే ఇంటికి 115 లీటర్లు, లీటరుకి 12 చొప్పున మళ్ళీ అదే 1379. సెలవులు, మానేయడం, తగ్గించడం అన్నీ లీటర్లలోనే కలిసిపోతాయి. అరలీటరు ఇళ్ళు బాగా ఎక్కువుంటే మాత్రం వాటిని విడిగా వేయండి, ఎందుకంటే అరలీటరు వేసినా డెలివరీ ఖర్చు అదే పది.

రెండో కారడం, యాడ్ కాని ఖర్చులు. కస్టమర్‌ని తేవడానికి అయ్యేది యాడ్ ఒక్కటే కాదు. మేం మూడు రోజులు ఫ్రీగా పాలు వేస్తాం, లీటరుకి మనకి పడేది 78 కాబట్టి ఒక ట్రయల్‌కి 234. ఇక్కడే నేను ఇరుక్కున్నా. కట్టినవాడి ట్రయల్ మాత్రమే లెక్కేసి, తాగేసి థాంక్స్ అని వెళ్ళిపోయినవాడిది మార్కెటింగ్‌లో కాకుండా "సాంపిల్స్" అని వేరే పద్దులో రాసేవాణ్ణి. మా దగ్గర ఇద్దరికి ట్రయల్ ఇస్తే ఒకడు కడతాడు, కాబట్టి కట్టిన ఒక్కో కస్టమర్ నెత్తిన రెండు ట్రయల్స్ పడాలి, 468. తర్వాత ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసే అమ్మాయికి, కట్టిన ఒక్కో కస్టమర్‌కి 150 చొప్పున ఇన్సెంటివ్, గేటుకి తగిలించే సంచి 60. మొత్తం 678.

1379లోంచి 678 తీస్తే 701.

మూడోది జీఎస్టీ. యాడ్ బిల్లు మీద 18 శాతం పడుతుంది. మామూలు వ్యాపారాలైతే అది ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి సర్దుకుంటాయి, అందుకే నెట్‌లో దొరికే లెక్కల్లో దీని ఊసే ఉండదు. కానీ మనం అమ్మేది పాలు, పాల మీద జీఎస్టీ లేదు, అమ్మకం మీద ట్యాక్స్ లేనప్పుడు దానికోసం కొన్నవాటి మీద క్రెడిట్ కూడా రాదు, కట్టిన 18 మన ఖర్చే. అందుకే 701ని 1.18తో భాగిస్తే 594. యాడ్స్ స్క్రీన్ మీద కనపడే ఖర్చులో ఈ ట్యాక్స్ ఉండదు కాబట్టి అక్కడ పోల్చుకోవాల్సిన నంబర్ ఈ 594. మీరు ట్యాక్స్ ఉన్న సరుకు అమ్ముతూ క్రెడిట్ తీసుకుంటుంటే 1.18తో భాగించక్కర్లేదు, కాకపోతే 1వ భాగంలో అమ్మకం రేటుని జీఎస్టీ తీసేసి వేసుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి.

షీట్‌లో అయితే ఇంతే, B1లో ఒక్కో ఇంటికి ఆరు నెలల లీటర్లు, B2లో లీటరు మీద మిగులు, B3లో ఒక్కో కస్టమర్‌కి యాడ్ కాని ఖర్చులు.

```
=(B1*B2-B3)/1.18
```

స్క్రీన్ మీద కట్టిన కస్టమర్ కనపడడు, యాడ్ చూసి ఫోన్ నంబర్ ఇచ్చినవాళ్ళు కనపడతారు. అందుకని 594ని వెనక్కి విడగొట్టాలి. ఇద్దరు ట్రయల్‌కి ఒకడు కడతాడు, కాబట్టి ట్రయల్‌కి 297. ముగ్గురు నంబర్ ఇస్తే ఒకరు ట్రయల్ తీసుకుంటారు, కాబట్టి నంబర్‌కి 99. బావకి నేను చెప్పింది ఈ ఒక్క 99 మాత్రమే, నంబర్‌కి 99 దాటితే నాకు ఫోన్ చెయ్ అని. పద్దెనిమిది వందలనుకున్నవాడికి 594 అనేసరికి మొహం ఎలా పెట్టాడో చెప్పక్కర్లేదు. అదీ పైగా పైకప్పే, టార్గెట్ కాదు, సరిగ్గా 594 పెడితే ఆరు నెలలకి సున్నాకి వస్తాం, ఆఫీసు అద్దె ఏడో నెల నుంచి రావాలి.

ఈ నంబర్ ఎంత పల్చగా ఉంటుందో చూడండి. మార్చిలో రైతు రేటు లీటరుకి 3 రూపాయలు పెరిగింది, 56 కాస్తా 59, అమ్మకం రేటు పెంచలేదు. మిగులు 12 నుంచి 9కి వచ్చింది, 4.42 నెలలకి 1034. ట్రయల్ పాలు కూడా మనకి 81 పడుతున్నాయి కాబట్టి రెండు ట్రయల్స్ 486, యాడ్ కాని ఖర్చు 696. మిగిలింది 338, జీఎస్టీ పోను 286. మూడు రూపాయలకి యాడ్ పరిమితి సగానికి సగం పైనే పడిపోయింది, యాడ్ మాత్రం అలాగే నడుస్తోంది, స్క్రీన్ మీద నంబర్‌కి 95 అని పచ్చగానే కనపడుతోంది, కానీ కొత్త పరిమితి నంబర్‌కి 48. అందుకే సేకరణ రేటు మారిన రోజే ఈ షీట్ తెరవాలి.

ఇంకో చోట కూడా ఇది మోసం చేస్తుంది. డెలివరీకి 10 అని రాశాం కదా, అది 35 ఇళ్ళున్న రూట్‌లో. పొద్దున షిఫ్ట్ అబ్బాయికి పెట్రోల్‌తో కలిపి నెలకి 9,000 ఇస్తాం, 35 ఇళ్ళు 26 రోజులంటే 910 ప్యాకెట్లు, తలా పది. బావ హుషారుగా యాడ్‌ని ఊరంతా తెరిచాడు, కొంపల్లి వైపు చెల్లాచెదురుగా 15 ఇళ్ళు వచ్చాయి, అక్కడికి విడిగా అబ్బాయిని పెట్టాం. 9,000ని 390తో భాగిస్తే 23. మిగులు 12 కాదు, మైనస్ 1. నంబర్ 20 రూపాయలకే దొరికినా ఆ ఇళ్ళు నష్టమే. అక్కడ ఇంకో ఇరవై ఇళ్ళు రెండు నెలల్లో వస్తాయని గట్టిగా అనిపిస్తే తప్ప ఆ పిన్‌కోడ్ యాడ్‌లోంచి తీసేయాలి, మేం తీసేశాం, ఆ 15 ఇళ్ళకీ ఫోన్ చేసి చెప్పడం మాత్రం నా మీద పడింది.

హోంవర్క్. ఆరు నెలల కింద యాడ్ ద్వారా వచ్చి డబ్బు కట్టిన ఒక్క నెల కస్టమర్లని పట్టుకోండి, 100 లేకపోతే 40 ఉన్నా పర్లేదు. వాళ్ళు ఇప్పటిదాకా కొన్నదంతా బిల్లుల్లోంచి కూడి, తలకి ఎంతో తీసి, పైన ఫార్ములాలో పెట్టండి. ఆరు నెలలు ఇంకా నిండకపోతే ఊహించి నింపొద్దు, ఉన్న నెలలే వేసి పేబ్యాక్ కూడా అన్ని నెలలే అనుకోండి. వచ్చిన నంబర్‌ని ఆ నెలలో నిజంగా ఒక్కో కస్టమర్‌కి అయిన యాడ్ ఖర్చు పక్కన రాసి ఉంచండి. 4వ భాగంలో బడ్జెట్ లక్ష నుంచి లక్షన్నర చేస్తే సగటు బాగానే ఉండి కూడా ఆఖరి యాభై వేలు ఎలా నష్టం తెస్తాయో ఆ రెండు నంబర్లతోనే చూద్దాం.