వయసు లెక్కలో రోజులు తప్పుతున్నాయా? అప్పు తెచ్చిన నెల చూడండి

ఉద్యోగ దరఖాస్తుల్లో కటాఫ్ తేదీ నాటికి వయసు ఎన్ని సంవత్సరాలు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులో అడుగుతారు. చేత్తో లెక్కించినా, ఎక్సెల్‌లో DATEDIF వాడినా తప్పు ఎక్కువగా జరిగేది రోజుల దగ్గరే. అయితే అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది. దాన్ని వదిలేసి ఫార్ములాలను తిట్టుకునేవారే ఎక్కువ.

సమస్య: నెలలకు నెలలే తేడా వస్తోంది

ఫార్ములా జోలికి వెళ్లకండి, తేదీలు చూడండి. 05-08-1998 అని టైపు చేస్తే ఆగస్టు 5 అని మీరనుకుంటారు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే అది మే 8 అవుతుంది. రెండూ నిజమైన తేదీలే కాబట్టి ఏ హెచ్చరికా రాదు. సెల్ ఫార్మాట్‌ను `dd-mmm-yyyy`గా మార్చి, నెల పేరును కళ్లతో చదవండి. ఆ పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నదేనా, రెండో తేదీ నోటిఫికేషన్‌లోని కటాఫేనా అన్నదీ అప్పుడే సరిచూసుకోండి. ఈ రోజు తేదీ వేసి లెక్కించి, ఫలితం తప్పని వచ్చేవారు ఎందరో!

సమస్య: రోజుల్లో ఒకటి రెండు తేడా, లేదా మైనస్ అంకె

తీసివేతలో రోజులు చాలకపోతే కొందరు కళ్లు మూసుకుని 30 అప్పు తెస్తారు. పుట్టిన తేదీ 23-08-1995, కటాఫ్ 01-07-2024 అనుకోండి. జూన్‌కు 30 రోజులే కాబట్టి 28 సంవత్సరాల 10 నెలల 8 రోజులని సరిగ్గానే వస్తుంది. అదే కటాఫ్ 01-08-2024 అయితే అప్పు తేవాల్సింది జూలై నుంచి. జూలైకి 31 రోజులు. కాబట్టి సరైన జవాబు 28 సంవత్సరాల 11 నెలల 9 రోజులు. 30 వేసుకున్నవారికి 8 వస్తుంది. అప్పు ఎప్పుడూ కటాఫ్ నెలకు ముందున్న నెలదే, దానికి ఎన్ని రోజులుంటే అన్నీ తేవాలి.

ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు మోసం మార్చి కటాఫ్‌లతో జరుగుతుంది. పుట్టిన తేదీ 31-01-2000, కటాఫ్ 01-03-2023 తీసుకోండి. ఫిబ్రవరి నుంచి 28 తెచ్చి 1 కలిపితే 29. అందులోంచి 31 తీసేస్తే మైనస్ 2. ఎక్సెల్‌లో రోజుల కోసం DATEDIFకు `"md"` ఇచ్చినా ఇదే మైనస్ 2 వస్తుంది. ఫిబ్రవరిలో 31వ తేదీ లేదు. లేని తేదీ నుంచి లెక్క మొదలుపెడితే అది మార్చి 3కు జారిపోతుంది, మార్చి 1 దానికి వెనకే ఉంటుంది.

మైనస్ కనిపిస్తే కనీసం అనుమానం వస్తుంది. జనవరి 29న పుట్టినవారికి ఇదే కటాఫ్‌తో 0 రోజులని వస్తుంది. అది సరైన అంకెలాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. అందుకే మైనస్ కంటే ఈ సున్నాకే నేను ఎక్కువగా భయపడతాను.

దీనికి విరుగుడు తీసివేయడం మానేసి, పుట్టిన తేదీ నుంచి ముందుకు నడవడం. 31-01-2000 నుంచి 23 సంవత్సరాలు నడిస్తే 31-01-2023. ఇంకో నెల నడిస్తే ఫిబ్రవరి. అక్కడ 31 లేదు కాబట్టి నెల చివరి రోజైన 28 దగ్గర ఆగాలి. అక్కడి నుంచి మార్చి 1కి ఒక రోజు. జవాబు 23 సంవత్సరాల 1 నెల 1 రోజు. ఎక్సెల్‌లో తేదీకి నెలలు కలిపే EDATE సరిగ్గా ఇలాగే నెల చివర ఆగుతుంది. A2లో పుట్టిన తేదీ, B2లో కటాఫ్ ఉంటే సంవత్సరాలకు, నెలలకు, రోజులకు వరుసగా ఇవి:

```
=DATEDIF(A2,B2,"y")
=DATEDIF(A2,B2,"ym")
=B2-EDATE(A2,DATEDIF(A2,B2,"m"))
```

మూడో సెల్‌లో అంకెకు బదులు తేదీ కనిపిస్తే ఫార్మాట్‌ను `General` చేయండి. దరఖాస్తు పేజీ వయసును తానే లెక్కించి చూపిస్తే మాత్రం ఆ అంకెనే ఉంచండి. ఒక్క రోజు తేడాతో కంగారు పడక్కర్లేదు. చాలా నోటిఫికేషన్లలో ఫలానా తేదీకి ముందు, ఫలానా తేదీ తర్వాత పుట్టి ఉండకూడదని రాస్తారు. అర్హత తేలేది దానితోనే.

మిగిలినవి

పుట్టినరోజుకు వారం ముందే ఏడాది నిండినట్టు వస్తే, మీరు మొత్తం రోజులను 365తో భాగించారన్నమాట. 28 ఏళ్లలో 7 లీపు రోజులు చేరిపోయాయి. ఆ పద్ధతి వదిలేయండి.

పుట్టినరోజు నాడే ఏడాది నిండిందా, మర్నాడా అన్న వాదన కూడా వద్దు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18వ పుట్టినరోజు మొదలవడంతోనే మైనర్ దశ తీరుతుంది.

ఫిబ్రవరి 29న పుట్టినవారికి లీపు కాని ఏడాదిలో DATEDIF మార్చి 1న సంవత్సరం నిండినట్టు చూపిస్తుంది. కటాఫ్ సరిగ్గా ఫిబ్రవరి 28 అయితే తప్ప దాని గురించి ఆలోచించనవసరం లేదు. 1900కు ముందు పుట్టినవారి తేదీని ఎక్సెల్ తేదీగా గుర్తించదు, వారి లెక్క చేత్తోనే చేయాలి.