స్లాట్ ఉన్నా లారీ గేటు దాటడం లేదా? ముందు డ్రైవర్‌కు ఫోను చేయండి

సమస్య: గోదాములో డాక్ స్లాట్, అంటే సరుకు దించే అరుగు దగ్గర మీ బండికి కేటాయించిన వేళ, ఖరారైంది, లారీ వేళకే వచ్చింది. అయినా గేటు దగ్గర ఆపేశారు, లేదా లోపలికి వెళ్లాక సరుకు దించకుండా పక్కన నిలబెట్టారు.

చాలామంది వెంటనే గోదాము వాళ్లతో వాదనకు దిగుతారు. దయచేసి అంతకంటే ముందు డ్రైవర్‌ను ఒక్క మాట అడగండి: బండి నంబరు ఎంత? స్లాట్‌లో రాసిన నంబరుతో అది కలవకపోతే సెక్యూరిటీ గేటు తీయరు. అంకె తప్పు పడితే డాక్ బృందానికి చెప్పి దిద్దిస్తే సరిపోతుంది.

నన్ను బాగా దెబ్బతీసిన కారణం వేరే ఉంది. చెన్నై నుంచి మేడ్చల్‌కు 32 అడుగుల కంటైనర్‌లో 18 ప్యాలెట్లు వస్తున్నాయి, ఒక్కోదాని మీద 45 పెట్టెలు. ఫోర్క్‌లిఫ్ట్‌తో దించే పని కాబట్టి 11 నుంచి 12 దాకా గంట స్లాట్ తీసుకున్నాను. ఒంగోలు దగ్గర కంటైనర్ చెడిపోయింది. ట్రాన్స్‌పోర్టు వాళ్లు సరుకును ఓపెన్ లారీలోకి మార్చి, ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త నంబరు చేర్చారు. అంతవరకు వాళ్ల తప్పేమీ లేదు. గోదాముకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

గేటు దగ్గర నంబరు మార్పించి, పని అయిపోయిందనుకున్నాను. అసలు చిక్కు డాక్ దగ్గర బయటపడింది. బండి మార్చేటప్పుడు ప్యాలెట్లు విప్పేసి 810 పెట్టెలనూ విడిగా పేర్చారు. ఆ గంటలో నాకు ఫోర్క్‌లిఫ్ట్ ఉంది, హమాలీలు లేరు. టార్పాలిన్, తాళ్లు విప్పడానికే చాలాసేపు పట్టింది. నలుగురు హమాలీలతో దించినా మూడు గంటలకు తక్కువ కాదు, 12 గంటలకు అదే డాక్‌కు ఇంకో బండి రావాలి. మా లారీని వెనక్కి తీయించారు, సరుకు దిగేసరికి రాత్రయింది.

పార్ట్-బి చూస్తే బండి మారిందని తెలుస్తుంది కానీ, లోపల సరుకు ఎలా ఉందో తెలియదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్లు కూడా పాత వివరాలే చెబుతారు. అందుకే స్లాట్‌కు నాలుగు గంటల ముందు నేరుగా డ్రైవర్‌తోనే మాట్లాడండి. దారిలో బండి మారిందా, ఇప్పటి నంబరు ఏమిటి, కంటైనరా ఓపెన్ లారీనా, పెట్టెలు ప్యాలెట్ల మీద ఉన్నాయా విడిగా ఉన్నాయా అని అడగండి. వెనుక తలుపు తీసి ఫోటో పంపమనండి. విడిగా ఉంటే అప్పుడే డాక్ బృందానికి పెట్టెల లెక్క చెప్పి, హమాలీలను, పొడవైన స్లాట్‌ను అడగండి. గంట స్లాట్‌ను మూడు గంటలు చేయడం కుదరదంటే సాయంత్రానికి మార్పించుకోండి. బండి గేటు బయట ఉండగా ఈ మార్పు అడిగితే దొరకడం కష్టం.

చిన్న బండి వస్తే దాని ఎత్తు కూడా చెప్పండి. డాక్ సాధారణంగా నాలుగు అడుగుల ఎత్తు ఉంటుంది, బండి నేల మరీ కిందికి ఉంటే డాక్‌కు, బండికి మధ్య వంతెనలా వేసే డాక్ లెవలర్ పలక అందదు. అలాంటి బండిని నేల మీదే దించే చోటుకు పంపించుకోవాలి.

కంప్యూటర్‌లో స్లాట్ కనబడకపోవడం, ఒకే స్లాట్ ఇద్దరికి ఇవ్వడం అరుదు. ఖరారు సందేశం చూపితే డాక్ బృందమే సరిచేస్తుంది.