చావింటికి పంపడం, 3వ పాఠం: ఐదో రోజు భోజనం, దాంతో ఒక చీటీ

పోయిన పాఠంలో పూల సంగతి చూశాం. ఎత్తుబడికి ముందైతే దండ, ఆ తర్వాతైతే ఫోటోకు వేసే చిన్న దండ, మన వైపు అంతకు మించి అక్కర్లేదని అనుకున్నాం. చర్చికి వెళ్ళే కుటుంబమైతే తెల్లపూల రీత్ పంపవచ్చు. ఒక్కటి మాత్రం మళ్ళీ చెబుతాను. పూలు చెప్పేటప్పుడు కొట్టువాళ్ళు అలవాటుగా రెండు మూరల మల్లెలో కనకాంబరాలో చుట్టి ఇస్తారు. అవి తీసేయించండి. భర్తను పోగొట్టుకున్నామె ముందు తల్లో పెట్టుకునే పూలు పెట్టి రావడం కన్నా నొప్పించే పని ఉండదు.

ఈ పాఠంలో భోజనం. తిరుపతిలో ఉన్న ఇంటికి బెంగళూరు నుంచో చెన్నై నుంచో పంపాల్సి వస్తే ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

గిరి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడనుకుందాం. తనతో పనిచేసే సుధాకర్ వాళ్ళ నాయన సోమవారం రాత్రి కొర్లగుంటలోని ఇంట్లో పోయారు. వయసు డెబ్భై ఆరు. మంగళవారం మధ్యాహ్నం దహనం. గిరికి లీవు దొరకలేదు. ఆన్‌లైన్‌లో ఏదో ఒక హోటల్లో చెప్పేసి పంపిద్దామనుకున్నాడు.

ఆ పని చేసే ముందు ఒక ఫోన్ చేయాలి. సుధాకర్‌కు కాదు, వాళ్ళమ్మకు అసలే కాదు. ప్రతి చావింట్లోనూ అందరూ ఏడుస్తుంటే పాల ప్యాకెట్లు, షామియానా, కుర్చీలు చూసుకుంటూ తిరిగే మనిషి ఒకరుంటారు. అల్లుడో, చిన్నాయన కొడుకో, పక్కింటాయనో. ఆ మనిషిని పట్టుకోవాలి. అడగాల్సింది కూడా కొంచెమే: 'ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నారా? ఏ పూటకు ఎవరు చెప్పినారు? ఇంట్లో ఎంతమంది ఉన్నారు? ఏమైనా తినకూడనివి ఉన్నాయా?'

గిరి ఆ ఇంటి అల్లుడికి ఫోన్ చేస్తే తెలిసింది ఇది. మంగళవారం రాత్రి టిఫిన్ పక్కింటివాళ్ళు చూసుకుంటున్నారు. బుధ, గురువారాలు వియ్యంకులు, పెదనాయన వాళ్ళు చూస్తారు. చిన్నకర్మ కూడా వాళ్ళ లెక్కలోనే ఉంది. శుక్రవారం మధ్యాహ్నానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. దూరపు చుట్టాలు గురువారం సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఇంట్లో పదకొండు మంది మిగులుతారు, అందులో ఇద్దరు పిల్లలు, ఒక షుగర్ ఉన్న అవ్వ.

కనుక గిరి పంపాల్సింది శుక్రవారం మధ్యాహ్నం. మన ఊళ్ళల్లో మొదటి రెండు మూడు రోజులు చావింటికి భోజనానికి కొదవుండదు. ఒక్కోసారి మూడిళ్ళ నుంచి ఇడ్లీలు వచ్చి పడతాయి. నాలుగో రోజు నుంచి పెద్దకర్మ దాకా ఇల్లు ఖాళీ అవుతుంది. వంట చేసే ఓపిక ఉన్నవాళ్ళు ఉండరు, పలకరించడానికి మాత్రం పూటకు నలుగురు వస్తూనే ఉంటారు. దూరంగా ఉన్నవాళ్ళు పట్టుకోవాల్సింది ఆ రోజుల్నే. ముస్లిం కుటుంబాల్లో అయితే మొదటి మూడు రోజులు ఇరుగుపొరుగు, బంధువులు వండి పంపడం ఆనవాయితీ కాబట్టి అక్కడ ముందే పంపడం మేలు. హలాల్ సంగతి తెలిసిన చోటే చెప్పాలి.

ఇక ఏం పంపాలి. మైల ఉన్న ఇంట్లో ఏది తింటారు, ఏది తినరు అనేది కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. కొందరు తాళింపు పెట్టరు, కొందరు పసుపు వేయరు, కొందరు బయటివాళ్ళు వండింది అసలు ముట్టరు. అందుకే నాలుగో ప్రశ్న అడగమన్నది. బయటి వంట తినని ఇల్లని తెలిస్తే భోజనం మానేసి పాలు, అరటిపళ్ళు, నీళ్ళ క్యాన్లు పంపండి. అడిగినా సరిగా జవాబు రాకపోతే ఉల్లి, వెల్లుల్లి, మసాలా, మాంసం, వేపుడు లేకుండా చూసుకుంటే చాలావరకు ఇబ్బంది రాదు. స్వీటు వద్దు, వడ వద్దు, పులిహోర వద్దు. చూడగానే అవి శుభకార్యాల వంటల్లా అనిపిస్తాయి.

తిరుపతి వాళ్ళకు ఇంకో అలవాటుంది. ఎవరింటికి ఏం పంపినా అందులో ఒక లడ్డూ పెట్టడం. మైల ఉన్న ఇంటికి శ్రీవారి ప్రసాదం పంపకండి. చాలా ఇళ్ళల్లో మైల తీరేదాకా ప్రసాదం తీసుకోరు. కొన్ని కుటుంబాలు ఏడాది పాటు కొండ కూడా ఎక్కవు. పారేయలేరు, తినలేరు, ఎక్కడ పెట్టాలో తెలియదు. మీ భక్తి వాళ్ళకు టెన్షన్ అయి కూర్చుంటుంది.

గిరి విషయంలో ఇల్లు బయటి వంట తింటుంది, తాళింపు ఉన్నా పట్టింపు లేదు, ఉల్లి, వెల్లుల్లి మాత్రం వద్దన్నారు. కాబట్టి అన్నం, కందిపప్పు చారు, బీరకాయ కూర, పెరుగు. అవ్వకోసం, ఆకలి లేనివాళ్ళకోసం పది ఇడ్లీలు. ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ వద్దు, ఎండాకాలం తిరుపతిలో అది మధ్యాహ్నానికే పులుస్తుంది. పొడి పంపితే సరిపోతుంది. పెరుగన్నం పంపాలనుకుంటే చల్లారిన అన్నంలో పాలు ఎక్కువ, పెరుగు ఒక గరిటె కలపమని చెప్పండి. అంతా పెరుగే వేస్తే ఇల్లు చేరేసరికి పుల్లగా అయిపోతుంది.

ఎంత చెప్పాలి? కూర, చారుతో తినే భోజనానికి కిలో బియ్యం ఏడెనిమిది మందికి వస్తుంది. పదకొండు మందికి కిలోన్నర చాలు, ఒకరిద్దరు పలకరించడానికి వచ్చినా సర్దుకుంటుంది. 'మిగిలినా పరవాలేదు, ఇరవై మందికి చెబుదాం' అనుకుంటారు చాలామంది. మామూలు ఇల్లయితే మిగిలింది పక్కింటికి ఇస్తారు. మైల ఇంటి నుంచి అన్నం చాలామంది పుచ్చుకోరు. మిగిలిందంతా ఆ ఇంటివాళ్ళే తినాలి, లేదా దుఃఖంలో ఉన్నవాళ్ళు గంజి గిన్నెలు కడుగుతూ కూర్చోవాలి.

గిన్నెల సంగతీ అంతే. స్టీలు క్యారియర్‌లో పంపితే అది ఎవరిదో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో అని ఇంకో పని. పారేసే డబ్బాల్లో పంపమనండి. పదిహేను విస్తర్లు, పేపర్ గ్లాసులు, ఒక ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను దాంతోనే రావాలి. నిజానికి భోజనం కంటే ఆ నీళ్ళ క్యానుకే ఎక్కువ సంతోషిస్తారు.

ఎవరికి చెప్పాలంటే, యాప్‌లో కంటే ఆ చుట్టుపక్కల ఉన్న మెస్సుకు ఫోన్ చేయడం మంచిది. 'చావింటికి, పదకొండు మందికి, ఉల్లి వెల్లుల్లి లేకుండా' అంటే మెస్సు నడిపే మనిషికి సగం అర్థమవుతుంది. అప్పడం, పాయసం తనే తీసేస్తుంది. యాప్‌లో ఈ మాట చెప్పే చోటే ఉండదు. పైగా డెలివరీ అబ్బాయి వీధి మలుపులో నిలబడి, ఆర్డర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాడు. అది సుధాకర్ నంబరయితే శుక్రవారం మధ్యాహ్నం 'సార్, లొకేషన్ ఎక్కడ' అనే ఫోన్ ఆయనకే వెళ్తుంది. యాప్ తప్పనిసరైతే అల్లుడి నంబరు ఇవ్వండి, బిల్లు పెట్టొద్దని రాయండి. తెచ్చే మనిషికి ఒక్క మాట చెప్పి పంపండి: ఇచ్చి వచ్చేయాలి, 'వెళ్ళొస్తాం' అనకూడదు. మన వైపు చావింటి నుంచి కదిలేటప్పుడు ఆ మాట ఎవరూ అనరు.

ఇప్పుడు చీటీ. రెండు రాయాలి, ఒకటి కాదు. మొదటిది వంటింటికి, డబ్బా మూత మీద అంటించేది: 'పదకొండు మందికి భోజనం. ఉల్లి, వెల్లుల్లి లేదు. చారు, కూర మూడింటిలోపు తినేయాలి. డబ్బాలు పారేయవచ్చు.' ఇది అల్లుడు చదువుకుంటాడు.

రెండోది సుధాకర్‌కు, కవర్లో పెట్టి ఇచ్చేది. తెల్ల కార్డు చాలు. పైన శ్రీకారం వద్దు, మూలలకు పసుపు వద్దు, స్టేషనరీ కొట్టులో దొరికే బంగారు అంచుల కార్డులన్నీ పెళ్ళిళ్ళవే. గిరి మొదట రాసింది ఇది:

'మీ తండ్రిగారి అకాల మరణం మమ్మల్ని తీవ్ర దిగ్భ్రాంతికి గురిచేసింది. వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని ఆ ఏడుకొండలవాడిని ప్రార్థిస్తున్నాం. ధైర్యంగా ఉండండి. ఏ సాయం కావాలన్నా అడగండి.'

డెబ్భై ఆరేళ్ళ మనిషిది అకాల మరణం ఎలా అవుతుంది? ఆ మాట పేపర్లోంచి వచ్చింది, గిరి నోట్లోంచి రాలేదు. తీవ్ర దిగ్భ్రాంతి మంత్రులు పడేది. ధైర్యంగా ఉండమనడం తేలిక, ఉండాల్సింది మాత్రం వాళ్ళు. చివరి వాక్యం మంచి మనసుతో రాసిందే, కానీ ఏం కావాలో ఆలోచించి, మొహమాటం వదిలి అడిగే పని కూడా సుధాకర్ మీదే వేస్తోంది. అసలు పోయినాయన ఎలాంటి మనిషో ఈ చీటీలో ఎక్కడా లేదు. పేరు మార్చి ఎవరింటికైనా పంపవచ్చు.

గిరిని ఆయన్ను ఎప్పుడైనా చూశావా అని అడిగితే, ఒక సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళానని చెప్పాడు. అదే రాయమన్నాను:

'సుధాకరన్నా,
నాయన కబురు తెలిసింది. ఆ సంక్రాంతికి మీ ఇంటికొచ్చినప్పుడు, వద్దన్నా వినకుండా బస్టాండు దాకా నాతో వచ్చినారు. బస్సు కదిలేదాకా నిలబడే ఉన్నారు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.
ఈ పూటకు భోజనం పంపినాం. దీనికి జవాబు ఇవ్వక్కర్లేదు, ఫోన్ చేయక్కర్లేదు. ఆఫీసు పని నేను చూసుకుంటున్నాను.
గిరి, హేమ'

జవాబు అక్కర్లేదన్న మాట తప్పకుండా రాయండి. అది లేకపోతే పదకొండు రోజులూ 'గిరికి ఫోన్ చేయలేదే' అనే బరువు ఒకటి మిగులుతుంది. ఆఫీసు పని చూసుకుంటున్నానని రాశాడంటే, అది నిజంగా చూసుకుంటుండాలి. లేకపోతే ఆ వాక్యం కొట్టేయాలి. మీరు ఆయన్ను ఎప్పుడూ చూడకపోతే జ్ఞాపకం కల్పించకండి. 'నాయన గురించి నువ్వు చెబుతుంటే విన్నాను' అని, విన్నదొక్కటి రాయండి. చేత్తో రాయాలి. బెంగళూరులో ఉన్నవాళ్ళకు అది కష్టమైతే, ఫోన్లో మాటలు చదివి వినిపించి, మెస్సామెతోనో తిరుపతిలో ఉన్న స్నేహితుడితోనో రాయించవచ్చు. కింద పేర్లు మాత్రం పూర్తిగా ఉండాలి, ఎవరు పంపారో తెలియని భోజనం ఆ ఇంట్లో కాసేపు చర్చ అవుతుంది.

ఈ వారం అభ్యాసం: మీకు తెలిసిన ఒక ఇంటిని మనసులో పెట్టుకుని రెండు చీటీలూ రాయండి. రెండోది నలభై మాటలు దాటకూడదు. రాశాక, పేరు మార్చి ఇంకో ఇంటికి పంపగలరేమో చూడండి. పంపగలిగితే మళ్ళీ రాయండి. వచ్చే పాఠంలో పెద్దకర్మ అయ్యాక ఏం పంపాలో, పిల్లలున్న ఇంటికైతే ఏం పంపాలో చూద్దాం.