లాన్ కేబుల్‌ను కరెంటు వైర్ల నుంచి తప్పించడం ఎలా?

కేబుల్ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగితే కేబుల్ బాగున్నట్టే అని చాలామంది వదిలేస్తారు. ఆ టెస్టర్ చెప్పేది తీగ తెగిందా, తీగల వరుస మారిందా అన్నంతవరకే. పొడవు ఎక్కువైనా, పక్కనున్న కరెంటు వైరు నుంచి నాయిస్ వస్తున్నా అది పట్టుకోదు.

ముందు పొడవు చూడండి. కేబుల్ తొడుగు మీద మీటర్ల అంకెలు ముద్రించి ఉంటాయి. రెండు చివర్ల అంకెలను తీసివేస్తే పొడవు వస్తుంది, మధ్యలో అతుకు లేకపోతేనే. గోడలో వెళ్లేది 90 మీటర్లు, రెండు వైపులా తగిలించే చిన్న వైర్లు, అంటే ప్యాచ్ కార్డులు కలిపి 10, మొత్తం 100 దాటకూడదు. దాటితే మధ్యలో స్విచ్ పెట్టండి, లేదా ఫైబర్ వేయండి. నేనైతే ఫైబరే వేస్తాను.

ఇక అసలు చిక్కు. మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో అకౌంట్స్ టేబుల్ దగ్గర మధ్యాహ్నం అయితే ఫైల్ కాపీ నత్తనడక నడిచేది. అంకెలు 214, 141. అంటే 73 మీటర్లు, పొడవు తప్పు కాదు. స్విచ్ పేజీలో ఆ పోర్ట్ CRC లెక్కను, అంటే దారిలో పాడై వచ్చిన డేటా ముక్కల సంఖ్యను, సున్నా చేసి, ఏసీ వేసి, ఆ కంప్యూటర్ నుంచి సర్వర్‌కి పెద్ద ఫైల్ పంపించాం. లెక్క పెరుగుతూ పోయింది. ఏసీ ఆపి మళ్లీ పంపితే ఆగింది. ఫాల్స్ సీలింగ్ తీసి చూస్తే, ఏసీ వైరుకే లాన్ కేబుల్‌ను టై కట్టేశారు.

ఈ పరీక్ష చేయకుండా కేబుల్ మార్చకండి. ఏసీ ఆపినా లెక్క పెరుగుతుంటే, లోపం కనెక్టర్‌లోనో ప్యాచ్ కార్డులోనో ఉండొచ్చు. కేబుల్‌లోని తీగల జంటలు మెలితిరిగి ఉండటం వల్లే బయటి నాయిస్ చాలావరకు రద్దవుతుంది. కనెక్టర్ దగ్గర ఆ మెలికను అర అంగుళానికి మించి విప్పితే ఆ రక్షణ అక్కడ పోతుంది.

సీలింగ్‌లో చేయి పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎంసీబీ ఆపించండి. కొత్త దారిలో కరెంటు వైరుకు అడుగు దూరం ఉంచండి. 20 సెంటీమీటర్లు చాలంటారు, కానీ సీలింగ్‌లో కేబుల్ జారుతుంది, అందుకే అడుగు. దాటక తప్పని చోట లంబకోణంలో దాటించండి, పక్కపక్కన నడిపించకండి. ఒకే పైపులో రెండూ మాత్రం ఎప్పుడూ వద్దు, అది ప్రమాదం కూడా. షీల్డెడ్ కేబుల్ కొంటే సరిపోతుందనేవాళ్లు రాక్ దగ్గర ఎర్తింగ్ ఇవ్వరు. అలాంటప్పుడు ఆ డబ్బు వృథా.

చివరగా ఏసీ వేసి ఉంచే, మధ్యాహ్నమే మళ్లీ ఫైల్ పంపి, CRC లెక్క కదలకుండా ఉందో లేదో చూడండి. ఆ తర్వాతే సీలింగ్ మూయించండి.