ఎండలు ముదిరే ముందు కళ్లద్దాల జాగ్రత్తలు

మార్చి దాటిందంటే కడప, అనంతపురం, కర్నూలు కళ్లజోళ్ల షాపుల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "అద్దం మసకబారింది, ఎంత తుడిచినా పోవడం లేదు." చాలాసార్లు అది మురికి కాదు. అద్దం మీది కోటింగ్ చిట్లిపోయి ఉంటుంది. దాన్ని తుడిచి బాగుచేయలేం.

అద్దం అని పిలుస్తున్నాం గానీ ఇప్పుడు వాడేవాటిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్ లెన్సులే. వాటి మీద లైటు పడితే ఆకుపచ్చగానో నీలంగానో మెరుపు కనిపిస్తుంది కదా, అదే ఏఆర్ కోటింగ్, అంటే వెలుతురు తిరిగి కొట్టకుండా వేసే పొర. సిలికా లాంటి ఆక్సైడ్లను ఒకదాని మీద ఒకటి పలచగా పేర్చి దీన్ని తయారుచేస్తారు. అన్నీ కలిపినా మందం తల వెంట్రుకలో వందో వంతు ఉండదు. చిక్కు ఏమిటంటే, వేడి తగిలినప్పుడు ప్లాస్టిక్ బాగా సాగుతుంది, పైనున్న పొర దాదాపు సాగదు. కింది ప్లాస్టిక్ లాగేస్తుంటే తట్టుకోలేక ఎండిన చెరువు నేలలా బీటలు వారుతుంది. 60 డిగ్రీలు దాటే వేడి దానికి ప్రమాదమే.

ఆ వేడి ఎక్కడుంటుందని వెతకనక్కర్లేదు. మే నెలలో ఒకాయన పెళ్లి బట్టలు కొనడానికి కుటుంబంతో ప్రొద్దుటూరు వెళ్లాడనుకోండి. బయట 42 డిగ్రీలు. నీడ దొరకక కారు ఎండలోనే నిలిపి, కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని, పవర్ అద్దాలు డ్యాష్‌బోర్డు మీద వదిలేశాడు. బట్టల షాపులో రెండు గంటలకు తక్కువ కాదుగా! ముందు అద్దం కింద నల్లటి డ్యాష్‌బోర్డు గంటలోనే 70 డిగ్రీల దాకా కాగుతుంది. తిరిగొచ్చి చూస్తే ఫ్రేము చేతికి చుర్రుమంది. వెంటనే చల్లటి నీళ్ల బాటిల్ తీసి అద్దాల మీద పోశాడు. సాగిన ప్లాస్టిక్ ఒక్కసారిగా ముడుచుకుంటుంది కాబట్టి ఇది ఇంకా చెరుపు. అద్దాలు అలా కాగితే నీడలో పెట్టి, వాటంతట అవి చల్లారాకే కడగాలి.

ఆ రోజు ఏమీ తెలియకపోవచ్చు. రాత్రి డ్రైవింగ్‌లో ఎదురుగా వచ్చే లారీ లైట్ల చుట్టూ పొగలా కనిపిస్తే అనుమానించాలి. ట్యూబ్‌లైటు కింద లెన్సును అటూ ఇటూ వంచి, దాని మీద పడే లైటు మెరుపును చూడండి. గీతలైతే విడివిడిగా, తుడిచిన దారిలోనే ఉంటాయి. వేడికి చిట్లితే సన్నని వలలా అల్లుకుపోయి ఉంటుంది. ఫ్రేము గట్టిగా పట్టిన అంచుల దగ్గర తరచుగా ముందు మొదలవుతుంది. "పాలిష్ పట్టిస్తే పోదా అన్నా?" అని అడుగుతారు. పోదు. పాలిష్ పట్టినా, టూత్‌పేస్టు రుద్దినా మిగిలిన కోటింగ్ కూడా అక్కడక్కడా లేచిపోయి చూపు ఇంకా చెడుతుంది. లెన్సు మార్చడమే దారి.

అందుకని కారు దిగేటప్పుడు అద్దాలు గట్టి బాక్సులో పెట్టి వెంట తీసుకెళ్లండి. బాక్సులో పెట్టి డ్యాష్‌బోర్డు మీద ఉంచితే గీతలు తప్పుతాయి గానీ వేడి తప్పదు. స్కూటర్ సీటు కింది డిక్కీ కూడా ఇంజను పక్కనే ఉంటుంది, నమ్మొద్దు.

ఇక తుడవడం. చొక్కా అంచు, టవలు, చీర కొంగు, ఏదైనా ఒకటే. నూలు బట్ట అద్దాన్ని గీయదులే అని వాదిస్తారు. నిజమే కావచ్చు, కానీ గీసేది బట్ట కాదు, మధ్యలో ఉన్న దుమ్ము. అనంతపురం ఎర్రమట్టి గాలిలో సన్నని ఇసుక రేణువులుంటాయి. అవి క్వార్ట్జ్, ప్లాస్టిక్ లెన్సు కంటే చాలా గట్టివి. పొడిగా తుడిచారంటే ఆ రేణువులతో లెన్సును రుద్దినట్టే. నోటి ఆవిరి పట్టించి తుడిచినా ఆ తేమ ఇసుకను కడిగేయలేదు.

ముందు కుళాయి నీళ్ల కింద పట్టి దుమ్ము పోనివ్వాలి. మిట్టమధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాలుతుంటాయి, అప్పుడు బిందెలో నీళ్లు వాడండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క చాలు, నిమ్మ కలపనిదైతే మేలు. సబ్బు బిళ్ల, పౌడరు వద్దు. వేళ్ల కొనలతో రెండు వైపులా, ముక్కు ప్యాడ్ల దగ్గరా మెల్లగా రుద్ది కడిగేయాలి. బోరు నీళ్లు వాటంతట ఆరితే తెల్ల మచ్చలు కడతాయి కాబట్టి, చివర కొన్ని ఆర్‌ఓ నీళ్లు పోసి, తడి దులిపి, మైక్రోఫైబర్ బట్టతో అద్దండి.

ఆ బట్టనూ వారానికోసారి సబ్బు నీళ్లలో ఉతకాలి. కంఫర్ట్ లాంటివి కలపొద్దు, ఆ జిడ్డు మళ్లీ లెన్సుకే అంటుతుంది. శానిటైజర్, నెయిల్ పాలిష్ రిమూవర్, అలమారా అద్దాలు తుడిచే స్ప్రే కళ్లజోడు దగ్గరికి రానీయకండి.