స్పేర్ల స్టాకు లెక్క, 4వ పాఠం: బోల్టు ‘ఏ’ తరగతిలోకి ఎలా వచ్చింది?

పోయిన పాఠంలో ఏబీసీ పట్టిక, అంటే ఏడాది వాడకం విలువను బట్టి వస్తువుల్ని ఏ, బీ, సీ తరగతులుగా విడదీసే పట్టిక వేయమన్నాను. మీరు పంపినవాటిలో సగానికి పైగా పట్టికల్లో స్టీలు బోల్టే మొదటి వరుసలో ఉంది. అందుకే ఈసారి చెబుతానన్న రీఆర్డర్ లెవెల్, అంటే స్టాకు ఎంతకు దిగితే మళ్లీ ఆర్డరు పెట్టాలన్నది, వాయిదా వేస్తున్నాను. ఈ తప్పు మీద ఏం కట్టినా కూలిపోతుంది.

మన ఉదాహరణ భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు స్పేర్లు ఇచ్చే గోడౌను. బోల్టుల బిల్లులో రేటు 800 అని ఉంది. ఇష్యూ రిజిస్టరులో ఏడాదికి 2,000 పోయాయని ఉంది. రెండూ గుణించి 16 లక్షలు వేశారు. కానీ ఆ 800 ఒక బాక్సు ధర, బాక్సులో 100 బోల్టులుంటాయి. రిజిస్టరులో రాసేది మాత్రం విడి బోల్టులు. ఒక్కోటి 8 రూపాయలు, ఏడాది వాడకం విలువ 16,000, అంతే. కొనేది బాక్సుల్లో, ఇచ్చేది విడిగా అయిన ప్రతి వస్తువుకూ ఈ ప్రమాదం ఉంది. మీటర్లలో కోసిచ్చే కేబుల్, లీటర్లలో పోసిచ్చే గేర్ ఆయిల్ కూడా ఇంతే. నేనైతే గుణించే ముందే రేట్లన్నీ ఇష్యూ యూనిట్‌కి మార్చేస్తాను.

తప్పు పట్టుకోవడానికి ఒక దారి ఉంది. పట్టిక అడుగున మొత్తం చూడండి. మీకు 25.84 లక్షలు వచ్చింది. ఏడాది మొదట్లో ఉన్న స్టాకు విలువకి ఆ ఏడాది కొనుగోళ్లు కలిపి, చివర మిగిలిన స్టాకు తీసేస్తే ఏడాదిలో నిజంగా వాడిన విలువ వస్తుంది, అది సుమారు 10 లక్షలే. ఇంత తేడా ఉంటే చాలావరకు యూనిట్‌లోనే ఎక్కడో తప్పు జరిగి ఉంటుంది.

సరిచేశాక ఇంపెల్లర్ 450 చొప్పున 1,200 పోయాయి, 5,40,000. గేర్‌బాక్సు 5,500 చొప్పున 36, అంటే 1,98,000. ఆయిల్ సీలు 60 చొప్పున 2,500, అంటే 1,50,000. మోటారు 9,000 చొప్పున 6, కాబట్టి 54,000. బేరింగు 140 చొప్పున 300, 42,000. ఆఖరున బోల్టు. పెద్ద విలువ పైకి వచ్చేలా పేర్చి, D2 నుంచి D7 దాకా విలువలుంటే E2లో ఇది రాసి, శాతం ఫార్మాట్ పెట్టి కిందికి లాగండి:

```
=SUM(D$2:D2)/SUM(D$2:D$7)
```

పైనుంచి ఆ వరుసదాకా కలిపిన విలువ మొత్తంలో ఎంత వంతో ఇది చెబుతుంది. గేర్‌బాక్సు దగ్గర 73.8 శాతం వస్తుంది, ‘ఏ’ అక్కడితో ఆపాను. మోటారు దగ్గర 94.2, అక్కడిదాకా ‘బీ’. బేరింగు, బోల్టు ‘సీ’. కొందరు ‘ఏ’ గీత 80 దగ్గర గీస్తారు, నేను ఇక్కడ దానికి కాస్త ముందే ఆపాను. ఒక్కోటి అన్నిటికన్నా ఖరీదైన మోటారు ‘ఏ’లో లేదని గమనించారా? ఆరే పోయాయి మరి.

అలాగని ‘సీ’ అంటే లేకపోయినా ఫర్వాలేదని కాదు. 140 రూపాయల బేరింగు లేక రాత్రి ఏరియేటర్ ఆగితే, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పోతాయి. ‘సీ’ వస్తువుల్ని ఎక్కువే ఉంచండి, రోజూ లెక్కపెట్టక్కర్లేదు. ‘ఏ’ని మాత్రం వారం వారం లెక్కపెట్టండి.

అభ్యాసం: మీ గోడౌనులో కనీసం 150 వస్తువులకు నిండా 12 నెలల ఇష్యూలు ఎత్తి రాయండి. మూడు నెలలవి చాలవు, చెరువులు ఎండగట్టినప్పుడు స్పేర్లు పోయే తీరే వేరు. రైతులు వెనక్కి తెచ్చినవి తీసేయండి. ప్రతి వరుసలో కొనే యూనిట్, ఇచ్చే యూనిట్ రెండూ రాసి ఉండాలి.